కాలిన శాతం, ఎక్కించాల్సిన నీళ్లు: మొదటి ఎనిమిది గంటల లెక్క

ముందు ఒక కేసు చూద్దాం. ఇది లెక్క అర్థం కావడానికి అల్లుకున్నదే అయినా మన జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. ఉదయం 10 గంటలకు వంటింట్లో ఒకామెకు చీర కొంగు గ్యాస్ స్టవ్ మంటకు తగులుకుంది. వయసు ముప్ఫై దాటింది, బరువు 60 కిలోలు. పక్కింటివాళ్లు దుప్పటి కప్పి మంట ఆర్పారు. ముప్పావు గంటలో దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ ఒక బాటిల్ పెట్టి, '60 శాతం కాలిన గాయాలు' అని చీటీ రాసి జిల్లా ఆసుపత్రికి పంపారు. అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. దారిలో ఆ బాటిల్‌లోని 500 మిల్లీలీటర్లూ అయిపోయాయి.

స్ట్రెచర్ మీద ఆమె స్పృహలోనే ఉంది. దాహం వేస్తోందంటోంది, పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారని అడుగుతోంది. బీపీ 110/80. 'బాగానే మాట్లాడుతోంది కదా, గండం గడిచినట్టే' అని బంధువులు ఊపిరి పీల్చుకుంటారు. ఇక్కడే పొరపాటు పడతారు. ఒళ్లు ఎంత కాలినా కాలడం వల్ల మనిషి వెంటనే స్పృహ తప్పడు. మొదటి గంటల్లో చక్కగా మాట్లాడతాడు. మాట్లాడలేకపోతున్నాడంటే వేరే కారణం వెతకాలి: పొగ పీల్చాడా, తలకు దెబ్బ తగిలిందా, ఇంకేదైనా ఉందా అని. బీపీ కూడా చాలాసేపు నిలబడుతుంది. రక్తంలో ద్రవం తగ్గుతుంటే శరీరం రక్తనాళాల్ని బిగించి, గుండె వేగం పెంచి బీపీని నెట్టుకొస్తుంది. అది పడిపోయేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఈమె బతుకు ప్రస్తుతానికి రెండు అంకెల మీద ఉంది. ఒకటి, ఎంత శాతం కాలింది. రెండోది, ఎప్పుడు కాలింది. చీటీలో మొదటిది తప్పు పడింది, రెండోది అసలు రాయనే లేదు.

ద్రవం ఎక్కడికి పోతుంది

కాలిన మనిషికి నీళ్లు ఎందుకు ఎక్కించాలన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది. కాలిన చర్మంలోంచి ఏదో విషం పుట్టి రక్తంలో కలిసి ప్రాణం తీస్తుందని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1921లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో రియాల్టో థియేటర్ తగలబడింది. అప్పుడు కాలినవాళ్లను ఫ్రాంక్ అండర్‌హిల్ అనే శాస్త్రవేత్త పరిశీలించాడు. బొబ్బల్లో ఊరిన నీటిని పరీక్షిస్తే అందులోని పదార్థాలు దాదాపు రక్తంలోని ప్లాస్మాను పోలి ఉన్నాయి. అంటే బయటికి వస్తున్నది ఉత్త నీరు కాదు. ఉప్పు, ప్రొటీన్ కలిసిన రక్తద్రవమే రక్తనాళాల్లోంచి కారిపోతోంది.

మామూలుగా సన్నని రక్తనాళాల గోడలు ద్రవాన్ని చాలావరకు లోపలే పట్టి ఉంచుతాయి. వేడి తగిలిన చోట హిస్టమిన్ లాంటి రసాయనాలు విడుదలై ఆ గోడల్లో సందులు తెరుచుకుంటాయి. ద్రవం కండలోకీ చర్మం కిందికీ జారిపోయి అక్కడ వాపుగా నిలుస్తుంది. కాలింది కొంచెమే అయితే వాపు అక్కడితో ఆగుతుంది. అయిదో వంతో, అంతకంటే ఎక్కువో కాలితే ఆ రసాయనాల ప్రభావం ఒళ్లంతా పాకి, కాలని చోట కూడా నాళాలు కారడం మొదలవుతుంది. ఈ కారడం మొదటి ఎనిమిది గంటల్లో బాగా ఉధృతంగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చి సుమారు ఒక రోజుకు సర్దుకుంటుంది. ఎక్కించాల్సిన ద్రవంలో సగాన్ని మొదటి ఎనిమిది గంటలకే కేటాయించడానికి కారణం ఇదే.

కాలినాయన ఒంట్లో నీళ్లు బయటికి పోలేదు కదా అనిపించొచ్చు. నిజమే, చాలావరకు ఒంట్లోనే ఉంటాయి. కానీ రక్తనాళాల్లో ఉండాల్సింది వాపులోకి చేరింది. రక్తం చిక్కబడుతుంది. మూత్రపిండాలకు అందాల్సిన రక్తం అందదు. ముఖం, కాళ్లు ఉబ్బిపోయి ఉంటాయి, నాళాలు మాత్రం ఎండిపోతుంటాయి. ఒళ్లు ఇంత వాచింది, ఇంకా నీళ్లు ఎందుకు ఎక్కిస్తున్నారని బంధువులు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

చర్మం మొత్తాన్ని 100 అనుకుని శరీరాన్ని తొమ్మిదుల ముక్కలుగా విడగొట్టి లెక్కించే పద్ధతిని తొమ్మిదుల సూత్రం అంటారు. 1940ల చివర్లో పులాస్కీ, టెనిసన్ అనే అమెరికన్ వైద్యులు ఈ ఆలోచన చేశారు. 1951లో అలెగ్జాండర్ వాలెస్ దాన్ని లాన్సెట్ పత్రికలో అచ్చువేయడంతో అందరికీ చేరింది. పెద్దవాళ్లలో తల, మెడ కలిపి 9. ఒక్కో చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా 9. ఛాతీ, పొట్ట కలిసిన ముందుభాగం 18, వీపు, నడుము కలిసిన వెనుకభాగం 18. ఒక్కో కాలు 18. మర్మాంగాల దగ్గర 1. అన్నీ కూడితే వంద.

గుర్తుపెట్టుకోవడం తేలికే. తప్పులు వేరే చోట వస్తాయి. మొదటి తప్పు, ఎర్రబడిన చర్మాన్ని కూడా లెక్కలో వేయడం. ఎండలో తిరిగినప్పుడు కమిలినట్టు ఎర్రబడి, మంట పుడుతూ, బొబ్బ లేకుండా పొడిగా ఉన్న చర్మం లెక్కలోకి రాదు. అక్కడి నుంచి చెప్పుకోదగ్గ ద్రవం పోదు. లెక్కలోకి వచ్చేవి రెండు రకాలు. ఒకటి బొబ్బలు లేచి, చిట్లితే కింద తడిగా గులాబీరంగులో ఉండి, ముట్టుకుంటే విలవిల్లాడేంత నొప్పి పుట్టేది. రెండోది తెల్లగా పాలిపోయో, గోధుమరంగుకు తిరిగో, తోలులా గట్టిపడి, ముట్టుకున్నా పెద్దగా నొప్పి తెలియనిది. నొప్పి లేదంటే గాయం చిన్నదని కాదు. చర్మంతోపాటు అందులోని నరాలూ కాలిపోయాయని అర్థం.

రెండో తప్పు మసి. మంటల్లో కాలినవాళ్ల ఒంటిమీద బట్ట కాలిన నుసి, పొగ మసి అంటుకుని ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఒళ్లంతా కాలినట్టే కనిపిస్తుంది. తడి గుడ్డతో తుడిచి, అతుక్కోని బట్టలు తీసి, మనిషిని పక్కకు తిప్పి వీపు కూడా చూసి, ఆ తర్వాతే లెక్క కట్టాలి. వీపు చూడకుండా రాసిన శాతాన్ని నమ్మలేం.

మూడోది అన్నిటికంటే ఎక్కువ జరిగేది: ఒక భాగంలో కొంత కాలితే ఆ భాగం మొత్తం కాలినట్టు రాసేయడం. మన కేసులో చీటీ మీది 60 ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. రెండు కాళ్లకు 36, ఛాతీ, పొట్టకు 18, కుడిచేతికి 9, మొత్తం 63. నోటిలెక్కన 60. ఇప్పుడు తుడిచి చూద్దాం. రెండు కాళ్లూ ముందువైపే కాలాయి, పిక్కలు, తొడల వెనుకభాగం బాగానే ఉన్నాయి. కాబట్టి 36లో సగం, 18. పొట్ట మీద బొబ్బలున్నాయి, ఛాతీ మాత్రం ఎర్రగా కమిలింది అంతే. కాబట్టి ముందుభాగం 18లో పొట్ట వాటా 9 లెక్కలోకి వస్తుంది, ఛాతీ వాటా 9 రాదు. కుడిచెయ్యి లోపలివైపు మాత్రమే కాలింది, 4.5. కూడితే 31.5 శాతం.

చీటీలో ఉన్నదానికి దాదాపు సగం. తొమ్మిదుల సూత్రం ఒక్కటే, మనిషీ ఒక్కరే. చూసే పద్ధతి మారేసరికి జవాబు దాదాపు రెండింతలైంది.

గాయం ఒకేచోట కాకుండా మరకలు మరకలుగా చెదిరి ఉంటే, మరిగే నూనె చిందినప్పటిలా, తొమ్మిదులతో పని జరగదు. అప్పుడు రోగి అరచేతినే కొలతగా పెట్టుకుంటారు. వేళ్లు దగ్గరగా చేర్చిన అరచెయ్యి సుమారు 1 శాతం. నిజానికి అంతకంటే కొద్దిగా తక్కువే ఉంటుంది, అందుకే పెద్ద గాయాన్ని అరచేతులతో కొలిస్తే లెక్క మెల్లగా పెరిగిపోతుంది. చిన్న గాయానికి వాడుకోవడానికి ఇబ్బంది లేదు. ఒకటే గుర్తుంచుకోవాలి: కొలత రోగి అరచెయ్యి, డాక్టరుది కాదు. రెండేళ్ల పాపను పెద్దవాళ్ల అరచేతితో కొలిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పక్కర్లేదు. బాగా లావున్నవాళ్లలో కూడా తొమ్మిదులు అంత సరిగా కుదరవు. వాళ్లలో నడుము భాగం వాటా పెరుగుతుంది, తల, చేతుల వాటా తగ్గుతుంది.

పిల్లల తల పెద్దది

చంటిపిల్లల లెక్క వేరు, ఎందుకంటే వాళ్ల ఒంటికి తల పెద్దది, కాళ్లు పొట్టి. ఏడాది లోపు బిడ్డకు తల, మెడ కలిపి 18 శాతం, అంటే పెద్దవాళ్లకు రెట్టింపు. ఒక్కో కాలు మాత్రం 14 దాకానే. ఆ తర్వాత ఏటా తల నుంచి ఒక శాతం తీసేసి కాళ్లకు చెరి అర శాతం కలుపుకుంటూ పోతే, సుమారు పదేళ్లకు పెద్దవాళ్ల లెక్కకు చేరుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే వయసువారీగా గీసిన లండ్–బ్రౌడర్ పటం వాడతారు. 1942లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1944లో, అదే నగరపు వైద్యులు లండ్, బ్రౌడర్ ఈ పటాన్ని ప్రచురించారు. పిల్లల వార్డులో గోడకు అంటించాల్సిన కాగితం ఏదైనా ఉందంటే అది ఇదే.

మన ఇళ్లలో పిల్లలు ఎక్కువగా కాలేది మంటకు కాదు, వేడి నీళ్లకు, సాంబారుకు, గంజికి. పొయ్యి మీది గిన్నె అంచును బుజ్జిచెయ్యి పట్టి లాగుతుంది, అది ముఖం మీద, ఛాతీ మీద, ఒక చేతి మీద ఒలుకుతుంది. రెండేళ్ల బిడ్డ, 12 కిలోలు అనుకుందాం. తల వాటా 17, ముందుభాగం ముఖమే కాబట్టి 8.5. ఛాతీ 9. చేతిలో సగం 4.5. మొత్తం 22 శాతం. ఇదే బిడ్డకు పెద్దవాళ్ల లెక్క వేస్తే తల వాటా సగమైపోయి 18 వస్తుంది. 12 కిలోల బిడ్డకు ఆ నాలుగు శాతం తేడా చిన్నది కాదు.

నాలుగు మిల్లీలీటర్లు

ఎవరికి డ్రిప్ ద్వారా లెక్క ప్రకారం ఎక్కించాలి? పెద్దవాళ్లలో 15 నుంచి 20 శాతం దాటితే, పిల్లల్లో 10 శాతం దాటితే అని పాటిస్తారు. అంతకంటే తక్కువైతే, స్పృహలో ఉండి వాంతులు లేకపోతే నోటి ద్వారా తాగించడమే సరిపోతుంది.

లెక్క పుట్టింది డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో. చార్లెస్ బ్యాక్స్‌టర్, టామ్ షైర్స్ 1968లో దీన్ని ప్రకటించారు. రోగి బరువు కిలోల్లో, కాలిన శాతం, 4 మిల్లీలీటర్లు, ఈ మూడూ గుణిస్తే మొదటి 24 గంటల్లో ఇవ్వాల్సిన ద్రవం వస్తుంది. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో, మిగతా సగం తర్వాతి పదహారు గంటల్లో.

మన కేసుకు: 4 × 60 × 31.5 = 7,560 మిల్లీలీటర్లు. ఏడున్నర లీటర్లు, అంటే అర లీటరు బాటిళ్లు పదిహేను. చీటీలో ఉన్న అంకెను, అంటే 60ని నమ్మి వేస్తే 14,400 మిల్లీలీటర్లు, దాదాపు ఇరవై తొమ్మిది బాటిళ్లు. తుడవకుండా చూసిన తప్పు ఇలా లీటర్లుగా మారి ఒంట్లోకి వెళ్తుంది.

ఇప్పుడు గడియారం. ఎనిమిది గంటలు అనేది ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచి కాదు, కాలిన దగ్గర్నుంచి. ద్రవం కారడం స్టవ్ దగ్గరే మొదలైంది, రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర కాదు. ఉదయం 10కి కాలింది కాబట్టి మొదటి ఎనిమిది గంటలు సాయంత్రం 6కి అయిపోతాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది, ఇంకా అయిదు గంటలే మిగిలాయి. మొదటి సగం 3,780 మిల్లీలీటర్లలో దారిలో వెళ్లిన 500 తీసేస్తే 3,280. దాన్ని అయిదు గంటలకు పంచితే గంటకు 656 మిల్లీలీటర్లు. ఒంటిగంట నుంచే గడియారం మొదలుపెట్టి మొత్తం 3,780ని ఎనిమిది గంటలకు పంచితే గంటకు 470 చిల్లర వస్తుంది. అలా ఇస్తే సాయంత్రం ఆరింటికి తొమ్మిది వందల మిల్లీలీటర్లకు పైగా బాకీ ఉంటుంది. ఆ బాకీ కూడా నాళాలు బాగా కారే సమయంలోనే పడుతుంది.

ఒక హద్దు చెప్పుకోవాలి. కాలిన ఏడో గంటకు వచ్చిన మనిషికి మొదటి సగం మొత్తం ఒక్క గంటలో కుమ్మరించకూడదు. గుండె తట్టుకోలేదు, ఒక్కసారిగా పోసిందంతా కారే నాళాల్లోంచి వాపులోకే పోతుంది. అలాంటప్పుడు మంచి వేగంతో మొదలుపెట్టి, రోగి స్పందనను బట్టి సర్దుకోవాలి.

పైగా నాలుగే వేయాలా అన్నది ఇప్పుడు తెగిన ప్రశ్న కాదు. ఇన్నేళ్ల అనుభవంలో తేలింది ఏమిటంటే, నాలుగుతో మొదలుపెట్టిన చాలామందికి చివరికి అంతకంటే ఎక్కువే వెళ్లిపోతోంది, అవసరానికి మించి. అందుకే అమెరికన్ బర్న్ అసోసియేషన్ శిక్షణలో ఇప్పుడు మంటకో వేడినీళ్లకో కాలిన పెద్దవాళ్లకు 2తో, పిల్లలకు 3తో, హైవోల్టేజీ కరెంటుతో కాలినవాళ్లకు 4తో మొదలుపెట్టమంటున్నారు. మన దగ్గర చాలాచోట్ల ఇంకా 4 వాడుతున్నారు. ఈ వ్యాసం అభిప్రాయంలో పెద్దవాళ్లకు 2తో మొదలుపెట్టి, గంటగంటకూ చూసుకుంటూ పెంచడమే మేలు. అయితే దానికి గంటగంటకూ చూసే మనిషి ఉండాలి. రాత్రి ఒక్క నర్సు నలభై పడకలు చూసే వార్డులో 2తో మొదలుపెట్టి వదిలేస్తే అదీ ప్రమాదమే.

మన కేసుకు 2 వేస్తే 24 గంటలకు 3,780, మొదటి సగం 1,890. వెళ్లిన 500 తీస్తే 1,390, అయిదు గంటలకు పంచితే గంటకు 278 మిల్లీలీటర్లు. మామూలు డ్రిప్ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అవుతాయి కాబట్టి నిమిషానికి సుమారు 93 చుక్కలు. 4 లెక్కన 656 అంటే నిమిషానికి దాదాపు 219 చుక్కలు. చుక్కలు విడివిడిగా లెక్కపెట్టలేని వేగం అది, ధారలా పడుతుంది. సన్న సూదితో అది సాగదు. కాలని చోట రెండు లావు క్యాన్యులాలు పెట్టాలి. కాలని చోటు దొరక్కపోతే కాలిన చర్మం మీదుగానైనా పెడతారు.

ఏ బాటిల్? డ్రిప్‌లో ఏది ఎక్కించినా మనవాళ్లు 'సెలైన్' అనే అంటారు. కాలిన గాయాలకు కావాల్సింది మాత్రం రింగర్స్ లాక్టేట్, వార్డు భాషలో ఆర్‌ఎల్. దాని కూర్పు రక్తద్రవానికి దగ్గరగా ఉంటుంది. మామూలు నార్మల్ సెలైన్‌లో క్లోరైడ్ ఎక్కువ, లీటర్ల కొద్దీ ఎక్కిస్తే రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. గ్లూకోజ్ బాటిల్ ఈ పనికి అసలు పనికిరాదు. అందులోని చక్కెర ఒంట్లో ఖర్చయ్యాక మిగిలేది ఉత్త నీరే, అది నాళాల్లో నిలవదు. చంటిపిల్లలకు మాత్రం ఆర్‌ఎల్‌తో పాటు రోజువారీ అవసరానికి విడిగా గ్లూకోజ్ కలిసిన ద్రవం ఇవ్వాలి, వాళ్ల కాలేయంలో చక్కెర నిల్వ తక్కువ కాబట్టి. పైన చెప్పిన 12 కిలోల బిడ్డకు 3 లెక్కన 792 మిల్లీలీటర్లు, మొదటి ఎనిమిది గంటల్లో గంటకు సుమారు 50. దానికి అదనంగా గ్లూకోజ్ ద్రవం గంటకు 44.

మూత్రం సంచీ ఏం చెబుతుంది

ఈ లెక్కలన్నీ చేసేది ఒక్క పనే: మొదటి గంటకు ఎంత వేగంతో తెరవాలో చెప్పడం. ఆ తర్వాత సూత్రాన్ని పక్కన పెట్టి మూత్రం సంచీని చూడాలి. మూత్రపిండానికి చాలినంత రక్తం అందుతుంటే మూత్రం వస్తుంది. మిగతా అవయవాలకు కూడా అందుతోందనడానికి పల్లెటూరి ఆసుపత్రిలో కూడా దొరికే గుర్తు అది. పెద్దవాళ్లకు కిలోకు గంటకు అర మిల్లీలీటరు చాలు, అంటే 60 కిలోల మనిషికి 30, కాస్త అటూఇటూగా 50 దాకా. చిన్నపిల్లలకు కిలోకు ఒక మిల్లీలీటరు, మన 12 కిలోల బిడ్డకు గంటకు 12.

గొట్టం వేయగానే సంచీలోకి వచ్చిన 200 మిల్లీలీటర్లు చూసి సంబరపడకూడదు. అది ఇంటి నుంచి వచ్చేముందే మూత్రాశయంలో ఉన్నది. దాన్ని ఒంపేసి, అప్పటి నుంచి లెక్క మొదలుపెట్టాలి. మన కేసులో గంటకు 278తో మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి చూస్తే సంచీలో 18 మిల్లీలీటర్లు, ముదురు పసుపు రంగులో. చాలదు. ద్రవాన్ని అయిదో వంతు పెంచి 335 చేశారు. మూడింటికి 24. ఇంకా చాలదు, 400కు పెంచారు. నాలుగింటికి 38, రంగు తేటపడింది. అక్కడే ఉంచారు. ఆరింటికి 70. ఇప్పుడు చాలామంది చేయని పని చేయాలి: తగ్గించాలి. 320కి తగ్గించి, తర్వాతి గంటల్లో మూత్రం 30 నుంచి 50 మధ్య నిలిచేలా మెల్లగా దించుకుంటూ వెళ్లారు.

తక్కువైతే పెంచడం అందరూ చేస్తారు. ఎక్కువైతే తగ్గించడం మర్చిపోతారు. మూత్రం బాగా వస్తోంది కదా, మంచిదే అనుకుంటారు. కానీ అవసరానికి మించి వెళ్లిన ప్రతి లీటరూ కారే నాళాల్లోంచి వాపుగా మారుతుంది. ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం. చేతులు, కాళ్ల చుట్టూ తోలులా గట్టిపడిన చర్మం ఉంటే లోపలి వాపు సాగడానికి చోటు లేక వేళ్లకు రక్తం ఆగిపోతుంది. కడుపులో ఒత్తిడి పెరిగితే మూత్రపిండాలే నొక్కుకుపోయి మూత్రం ఆగుతుంది. అప్పుడు ఇంకా నీళ్లు కావాలేమోనని మరింత పెంచుతారు. ఇదీ అసలు ఉచ్చు. పొట్ట బిగుసుకుని, వెంటిలేటర్ మీద ఉంటే గాలి నెట్టడం కష్టమై, ఎంత ఎక్కించినా మూత్రం రాకపోతే, అక్కడ ద్రవం తక్కువ కాదు, ఎక్కువైంది. ఇలా ద్రవం మెల్లగా పేరుకుపోవడాన్ని బర్న్స్ వైద్యులు 'ఫ్లూయిడ్ క్రీప్' అంటారు.

మూత్రం అబద్ధం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. మూత్రం రావట్లేదని లాసిక్స్ ఇంజెక్షన్ ఇస్తే సంచీ నిండుతుంది, నాళాలు మాత్రం ఇంకా ఎండుతాయి. మొదటి రోజు ఆ పని చేయకూడదు, చేస్తే ఇక ఆ సంచీ లెక్కకు పనికిరాదు. షుగర్ బాగా పెరిగినవాళ్లలో చక్కెర తనతోపాటు నీటిని లాక్కుపోతుంది, అక్కడా మూత్రం చాలినంత ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. మద్యం తాగి ఉన్నవాళ్లలోనూ మొదట్లో అంతే. ఇంకో రకం, కరెంటుతో కాలినవాళ్లు. పైకి చేతి మీద చిన్న మచ్చే కనిపిస్తుంది, లోపల కండ మాడి ఉంటుంది. చర్మం లెక్కన శాతం కడితే మోసపోతాం. సంచీలో డికాక్షన్ రంగు మూత్రం కనిపిస్తే కండలోని రంగు పదార్థం మూత్రపిండాలకు అడ్డంపడుతోందని అర్థం. అక్కడ లక్ష్యం గంటకు 30 కాదు, 75 నుంచి 100, రంగు తేటపడేదాకా.

ఆసుపత్రికి చేరకముందు

మొదటి పని మంట ఆర్పి, కాలిన చోట కుళాయి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పోయడం. కాలిన మూడు గంటల లోపు చేసినా ఉపయోగం ఉంటుంది. ఐసు వద్దు, అది చర్మానికి ఇంకో దెబ్బ. చాలా భాగం కాలినవాళ్లను, చిన్నపిల్లలను నీళ్లు పోశాక ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి వెచ్చగా ఉంచాలి, లేకపోతే ఒళ్లు చల్లబడుతుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. పసుపు, టూత్‌పేస్టు, ఇంకు, ఇడ్లీపిండి పూస్తే నొప్పి తగ్గుతుందన్న నమ్మకం ఇంకా ఉంది. చేసే హాని సంగతి అలా ఉంచితే, వాటిని కడిగితే తప్ప డాక్టరుకు కింద ఏముందో కనిపించదు, శాతం లెక్క తప్పుతుంది.

దారి దూరమై, డ్రిప్ అందుబాటులో లేక, మనిషి స్పృహలో ఉండి వాంతులు లేకుండా ఉంటే ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగించవచ్చు. ఉత్త నీళ్లు చెంబుల కొద్దీ తాగించకూడదు. కారిపోతున్నది ఉప్పుతో కలిసిన ద్రవం, దాని స్థానంలో ఉత్త నీరు నింపితే రక్తంలో సోడియం పడిపోయి, పిల్లల్లో అయితే ఫిట్స్ దాకా వెళ్తుంది. ముఖం కాలి, గొంతు బొంగురుపోయి, ఉమ్మిలో మసి కనిపిస్తుంటే మాత్రం నోటి ద్వారా ఏదీ వద్దు. అలాంటివాళ్లకు గొంతు లోపల వాపు వచ్చి దారి మూసుకుపోవచ్చు కాబట్టి, నీళ్ల లెక్క కంటే ముందు శ్వాస సంగతి చూడాలి.

రిఫర్ చీటీలో నాలుగు విషయాలు ఉంటే పై ఆసుపత్రిలో సగం పని అయినట్టే. ఎన్ని గంటలకు కాలింది, రోగి బరువు ఎంత, ఏ ద్రవం ఎంత ఎక్కించారు, గొట్టం వేశాక మూత్రం ఎంత వచ్చింది. శాతం తెలియకపోతే అంచనా రాయడం కంటే మనిషి బొమ్మ గీసి కాలిన చోటు పెన్నుతో నింపడం మేలు. శాతం ఎంతో బొమ్మను చూసి మళ్లీ లెక్కకట్టుకోవచ్చు. కాలిన సమయం మాత్రం రాయకపోతే మళ్లీ దొరకదు. స్ట్రెచర్ పక్కన ఉన్నవాళ్లు టెన్షన్‌లో 'పొద్దున్న' అంటారు, ఇంకొకరు 'ఇందాక' అంటారు.

మన కేసులో మర్నాడు ఉదయం 10 గంటలకు, కాలిన 24 గంటలకు, కేస్ షీట్ మీద మొత్తం సుమారు 4.8 లీటర్లు తేలింది. కిలోకు, ఒక శాతానికి రెండున్నర మిల్లీలీటర్లు. రాత్రంతా మూత్రం గంటకు 30 నుంచి 50 మధ్య వచ్చింది. కాళ్లు వాచాయి కానీ వేళ్లు వెచ్చగా ఉన్నాయి, పొట్ట మెత్తగా ఉంది, ఆయాసం లేదు. చీటీలోని అంకెను నమ్మి నాలుగుతో గుణించి ఉంటే, ఈపాటికి ఆమె ఒంట్లోకి పద్నాలుగు లీటర్లకు పైగా వెళ్లి ఉండేవి.